కనిష్ఠ దూరం: ఒక కోడ్ ఎన్ని తప్పులను పట్టగలదు, ఎన్నింటిని సరిదిద్దగలదు

తీగ మీదుగానో, గాలిలోనో, మెమరీ చిప్‌లోనో ఒక చోటి నుంచి మరో చోటికి వెళ్లే బిట్లలో అప్పుడప్పుడు ఒక 0 కాస్తా 1 అవుతుంది, ఒక 1 కాస్తా 0 అవుతుంది. అందిన బిట్ల వరుసను చూసి అందులో తప్పు జరిగిందని చెప్పగలగడం ఒక పని. ఆ తప్పు ఎక్కడ జరిగిందో చెప్పి దాన్ని సరిదిద్దడం అంతకంటే బరువైన పని. ఒక కోడ్ ఈ రెండింటిలో దేన్ని ఎంత మేరకు చేయగలదో తేల్చే సంఖ్య ఒక్కటే. దాన్ని ఆ కోడ్ కనిష్ఠ దూరం అంటారు.

ఈ ఆలోచనకు స్పష్టమైన రూపం ఇచ్చినవాడు బెల్ ల్యాబ్స్ గణితవేత్త రిచర్డ్ హామింగ్. ఆయన వాడిన రిలే కంప్యూటర్లు తప్పును గుర్తించగలిగేవి. అయితే మనుషులు దగ్గర లేని వేళ తప్పు కనబడితే ఆ లెక్కను వదిలేసి తర్వాతి లెక్కకు వెళ్లిపోయేవి. తప్పు ఉందని యంత్రానికి తెలిసినప్పుడు, అది ఏ బిట్‌లో ఉందో కూడా యంత్రమే ఎందుకు కనిపెట్టకూడదన్న ప్రశ్నకు ఆయన ఇచ్చిన జవాబు 1950లో ‘బెల్ సిస్టమ్ టెక్నికల్ జర్నల్’లో వ్యాసంగా వచ్చింది. ఈ మార్గదర్శిలో ఆరు బిట్ల చిన్న కోడ్‌ను మొదటి నుంచి కట్టి, దాని కనిష్ఠ దూరాన్ని లెక్కగట్టి, ఒక తప్పును సరిదిద్ది, రెండు తప్పులు వస్తే అదే పద్ధతి ఎలా మోసపోతుందో చూద్దాం. కాగితం, పెన్సిలు ఉంటే ప్రతి మెట్టునూ చేతితోనే సరిచూసుకోవచ్చు.

మొదటి మెట్టు: రెండు వరుసల మధ్య దూరం కొలవడం

ఒకే పొడవున్న రెండు బిట్ల వరుసలను ఒకదాని కింద ఒకటి రాసి, ఎన్ని స్థానాల్లో అవి వేరుగా ఉన్నాయో లెక్కపెట్టాలి. ఆ లెక్కే వాటి మధ్య హామింగ్ దూరం. ఉదాహరణకు 101101, 100110 వరుసలు మూడవ, ఐదవ, ఆరవ స్థానాల్లో వేరుగా ఉన్నాయి కనుక వాటి మధ్య దూరం 3. ఈ దూరానికి నేరుగా ఒక అర్థం ఉంది: మొదటి వరుసను పంపితే రెండో వరుసగా అందాలంటే దారిలో కచ్చితంగా మూడు బిట్లు తిరగబడి ఉండాలి.

పంపడానికి మనం ఎంచుకున్న వరుసలను కోడ్‌వర్డ్‌లు అంటారు. కోడ్‌లోని ఏ రెండు వేర్వేరు కోడ్‌వర్డ్‌లను తీసుకున్నా వాటి మధ్య వచ్చే దూరాలన్నిటిలో అతి చిన్నది ఆ కోడ్ కనిష్ఠ దూరం. దీన్ని d అని రాద్దాం. ఇక్కడ సగటు దూరంతో పనిలేదు. వంద జతలు ఎంతో దూరంగా ఉన్నా, ఒక్క జత దగ్గరగా ఉంటే ఆ కోడ్ ఇవ్వగలిగిన హామీ ఆ జతతోనే నిర్ణయమవుతుంది.

రెండో మెట్టు: ఒకే పారిటీ బిట్ ఇచ్చేది ఎంత

అతి సాధారణమైన పారిటీ కోడ్‌తో మొదలుపెడదాం. అక్షరాలను బిట్లుగా రాసే ఆస్కీ పద్ధతిలో T అక్షరానికి ఏడు బిట్ల రూపం 1010100. ఇందులో మూడు 1లు ఉన్నాయి. మొత్తం 1ల సంఖ్య సరి సంఖ్య కావాలన్న నియమం పెట్టుకుంటే, చివర పారిటీ బిట్‌గా 1 చేర్చి 10101001 అని పంపుతాం. అందుకున్నవారు ఎనిమిది బిట్లలోని 1లను లెక్కపెట్టి, బేసి సంఖ్య వస్తే తప్పు జరిగిందని తెలుసుకుంటారు.

ఈ కోడ్‌లో d ఎంత? ఏడు సమాచార బిట్లలో ఒక్కటి మారితే పారిటీ బిట్ కూడా మారి తీరాలి. కాబట్టి రెండు కోడ్‌వర్డ్‌లు ఒకే స్థానంలో వేరుగా ఉండడం సాధ్యం కాదు, రెండు స్థానాల్లో వేరుగా ఉండడం సాధ్యమే. అందుచేత d = 2. ఒక తప్పును ఇది ఎప్పుడూ పట్టుకుంటుంది. అయితే ఎనిమిది బిట్లలో ఏది తిరగబడినా కనబడేది ఒకే లక్షణం, అంటే బేసి సంఖ్యలో 1లు. కాబట్టి తప్పు ఎక్కడుందో చెప్పలేదు. ఇక రెండు బిట్లు తిరగబడితే 1ల సంఖ్య మళ్లీ సరి సంఖ్యే అవుతుంది. మనం పంపిన 10101001లో ఆరవ, ఏడవ బిట్లు రెండూ తిరగబడి 10101111గా అందితే పారిటీ సరిపోతుంది, కానీ మొదటి ఏడు బిట్లు ఇప్పుడు W అక్షరాన్ని చూపిస్తాయి. T పంపితే W అందినా అందుకున్నవారికి ఏ హెచ్చరికా ఉండదు.

ఇది ఎంత తరచుగా జరుగుతుందన్నది దారి మీద ఆధారపడి ఉంటుంది. ప్రతి బిట్ వెయ్యిలో ఒక వంతు అవకాశంతో, మిగతా బిట్లతో సంబంధం లేకుండా తప్పుతుందని అనుకుంటే, పది లక్షల ఎనిమిది-బిట్ల వరుసల్లో సుమారు 7,900 వరుసలకు ఒకే తప్పు వస్తుంది, అవన్నీ పట్టుబడతాయి. సుమారు 28 వరుసలకు రెండు తప్పులు వచ్చి, పట్టుబడకుండా దాటిపోతాయి. తప్పు తెలిసినప్పుడు మళ్లీ పంపమని అడిగే వీలున్న చోట, దారి కూడా ఫర్వాలేదనిపించేలా ఉన్న చోట ఈ ఒక్క బిట్ చవకైన రక్షణే. మళ్లీ అడిగే వీలు లేని చోట మాత్రం d పెంచక తప్పదు.

మూడో మెట్టు: d నుంచి సామర్థ్యాన్ని రాబట్టడం

గుర్తింపు సంగతి ముందు చూద్దాం. పంపిన కోడ్‌వర్డ్ మరో కోడ్‌వర్డ్‌గా మారిపోయినప్పుడే తప్పు మన కంటికి కనబడదు. అలా మారాలంటే కనీసం d బిట్లు తిరగబడాలి. కాబట్టి d − 1 వరకు ఎన్ని తప్పులు వచ్చినా, ఎక్కడ వచ్చినా, అందిన వరుస ఏ కోడ్‌వర్డూ కాకుండా ఉంటుంది, తప్పు పట్టుబడుతుంది.

సవరణకు మరింత ఎడం కావాలి. అందిన వరుసకు అన్నిటికంటే దగ్గరగా ఉన్న కోడ్‌వర్డ్‌నే పంపి ఉంటారని భావించడం సవరణ సూత్రం. పంపిన కోడ్‌వర్డ్ x, అందిన వరుస y, వాటి మధ్య e తప్పులు ఉన్నాయనుకోండి. మరే కోడ్‌వర్డ్ z తీసుకున్నా, అది x నుంచి కనీసం d దూరంలో ఉంటుంది. x నుంచి y వరకు వచ్చేసరికి మనం e అడుగులే కదిలాం కనుక, y నుంచి z ఇంకా కనీసం d − e దూరంలో ఉంటుంది. ఈ d − e అనేది e కంటే పెద్దదైతే x ఒక్కటే అతి దగ్గరి కోడ్‌వర్డ్ అవుతుంది, సవరణ నిజమవుతుంది. అంటే 2e < d కావాలి. అందుకే సరిదిద్దగల తప్పుల సంఖ్య (d − 1)/2, భిన్నం వస్తే కింది పూర్ణాంకం.

దీని ప్రకారం d = 2 అయితే సవరణ సున్నా, d = 3 అయితే ఒకటి, d = 4 అయితే కూడా ఒకటే, d = 5 అయితే రెండు. నాలుగు వల్ల సవరణ పెరగలేదని దాన్ని తీసిపారేయకూడదు. దాని ప్రయోజనం వేరే చోట ఉందని చివరి మెట్లలో తెలుస్తుంది.

నాలుగో మెట్టు: ఆరు బిట్ల కోడ్‌ను కట్టడం

మూడు సమాచార బిట్లు a, b, c తీసుకుని, వాటికి మూడు పారిటీ బిట్లు p, q, r చేర్చుదాం. కూడికలన్నీ 1 + 1 = 0 అన్న నియమంతో జరుగుతాయి.

```
p = a + b
q = a + c
r = b + c
```

ఒక్కో సమాచార బిట్ రెండేసి సమీకరణాల్లో పాల్గొంటోందని, ఏ రెండు సమాచార బిట్లూ అదే జంట సమీకరణాలను పంచుకోవడం లేదని గమనించాలి. తప్పు ఎక్కడుందో కనిపెట్టగలగడానికి మూలం ఈ ఏర్పాటే. మూడు బిట్లతో సాధ్యమయ్యే ఎనిమిది సందేశాలకు కోడ్‌వర్డ్‌లు ఇలా వస్తాయి. మొదటి మూడు బిట్లు సందేశం, తర్వాతి మూడు పారిటీ.

```
000 000
001 011
010 101
011 110
100 110
101 101
110 011
111 000
```

ఎనిమిది కోడ్‌వర్డ్‌ల మధ్య 28 జతలు ఉంటాయి. వాటన్నిటినీ పోల్చనక్కర్లేదు. ఈ సమీకరణాల్లో కూడికలు తప్ప మరేమీ లేవు కనుక, రెండు కోడ్‌వర్డ్‌లను స్థానం వారీగా కూడితే వచ్చేది కూడా కోడ్‌వర్డే. ఆ మొత్తంలో 1లు ఉన్న చోట్లే ఆ రెండూ వేరుగా ఉన్న చోట్లు. అందుచేత రెండు కోడ్‌వర్డ్‌ల మధ్య దూరం ఎప్పుడూ ఇదే పట్టికలోని మరో కోడ్‌వర్డ్‌లో ఉన్న 1ల సంఖ్యకు సమానం. పూర్తి సున్నాల వరుసను వదిలేసి మిగతా ఏడింటిలోని 1లను లెక్కపెడితే చాలు: పై నుంచి కిందికి 3, 3, 4, 3, 4, 4, 3 వస్తాయి. అతి చిన్నది 3. కాబట్టి d = 3.

సమాచార బిట్లు ఎక్కువైతే ఇదే పనిని కంప్యూటర్‌కు అప్పగించవచ్చు. కింది పైథాన్ కోడ్ ఒక్కో సమాచార బిట్ మాత్రమే 1గా ఉన్న మూడు కోడ్‌వర్డ్‌లతో మొదలై, వాటి కూడికలన్నిటినీ తయారుచేసి, 3 అని ముద్రిస్తుంది.

```
rows = [0b100110, 0b010101, 0b001011]
words = []
for m in range(8):
    w = 0
    for i in range(3):
        if (m >> i) & 1:
            w ^= rows[i]
    words.append(w)
print(min(bin(w).count("1") for w in words if w))
```

ఈ దగ్గరిదారి కూడికతో నిర్మించిన కోడ్‌లకే వర్తిస్తుంది. కోడ్‌వర్డ్‌లను ఏ సమీకరణమూ లేకుండా ఏరుకుని పట్టికగా పెట్టుకుంటే, ప్రతి జతనూ పోల్చడం తప్పదు.

ఐదో మెట్టు: అందిన వరుసను పరీక్షించి సరిదిద్దడం

అందిన ఆరు బిట్లతో మూడు సమీకరణాలనూ మళ్లీ పరీక్షించాలి.

```
s1 = a + b + p
s2 = a + c + q
s3 = b + c + r
```

తప్పేమీ లేకపోతే మూడూ సున్నా అవుతాయి. ఈ మూడు బిట్ల ఫలితాన్ని సిండ్రోమ్ అంటారు. ఏ బిట్ తిరగబడితే ఆ బిట్ పాల్గొన్న సమీకరణాలే 1 చూపిస్తాయి. a తప్పితే 110, b తప్పితే 101, c తప్పితే 011, p తప్పితే 100, q తప్పితే 010, r తప్పితే 001. ఆరూ వేర్వేరు, ఏదీ 000 కాదు. అందుకే ఒకే తప్పు వచ్చినప్పుడు సిండ్రోమ్ చూడగానే స్థానం తెలిసిపోతుంది.

సందేశం 101 అనుకుందాం. పంపే కోడ్‌వర్డ్ 101101. దారిలో మూడవ బిట్ తిరగబడి 100101 అందింది. s1 = 1 + 0 + 1 = 0, s2 = 1 + 0 + 0 = 1, s3 = 0 + 0 + 1 = 1. సిండ్రోమ్ 011, అంటే c తప్పింది. దాన్ని తిప్పితే 101101 తిరిగి వస్తుంది, మొదటి మూడు బిట్లు 101 సందేశాన్ని ఇస్తాయి.

కోడ్‌వర్డ్‌ల పట్టిక లేకుండానే d కనుక్కునే మార్గం కూడా ఈ సిండ్రోమ్‌లలో ఉంది. ఎన్ని స్థానాల సిండ్రోమ్‌లను కూడితే 000 వస్తుందో, ఆ సంఖ్యల్లో అతి చిన్నదే d. ఇక్కడ ఏ ఒక్కటీ 000 కాదు, ఏ రెండూ సమానం కావు కనుక రెండింటి మొత్తం 000 కాదు. 110, 101, 011 మూడింటిని కూడితే 000 వస్తుంది. మళ్లీ d = 3. కొత్త కోడ్‌ను రూపొందించేటప్పుడు నేను ముందుగా చూడమనేది దీన్నే, ఎందుకంటే ఏ రెండు స్థానాలకు ఒకే సిండ్రోమ్ వచ్చినా ఆ కోడ్ సవరణకు పనికిరాదని ఇక్కడే తెలిసిపోతుంది.

ఆరో మెట్టు: హద్దు దాటితే ఏమవుతుందో తెలుసుకోవడం

చాలా పాఠాలు ఒక తప్పును సరిదిద్దగానే ఆగిపోతాయి. నిజానికి అక్కడి నుంచే ఎక్కువ జాగ్రత్త కావాలి. అదే 101101ను పంపగా ఈసారి మొదటి రెండు బిట్లూ తిరగబడి 011101 అందిందనుకోండి. s1 = 0 + 1 + 1 = 0, s2 = 0 + 1 + 0 = 1, s3 = 1 + 1 + 1 = 1. సిండ్రోమ్ 011. ఇది ఇంతకు ముందు c ఒక్కటే తప్పినప్పుడు వచ్చిన సిండ్రోమే. అందిన వరుసను పరీక్షించి సరిదిద్దే డీకోడర్ c బిట్‌ను తిప్పి 010101 ఇస్తుంది. అది నిజమైన కోడ్‌వర్డే కనుక ఆ తర్వాత ఏ పరీక్ష పెట్టినా నెగ్గుతుంది. కానీ సందేశం 101కి బదులు 010 అయింది. దారిలో సందేశపు బిట్లు రెండే పాడైతే, సరిదిద్దబోయి మూడవదాన్ని కూడా పాడుచేశాం.

ఆరు బిట్లలో రెండు తప్పులు 15 విధాలుగా రావచ్చు. అందులో 12 విధాలు ఇలాగే ఏదో ఒక బిట్ సిండ్రోమ్‌ను పోలి ఉండి తప్పుడు సవరణకు దారితీస్తాయి. మిగతా మూడు, అంటే a, r కలిసి తప్పినా, b, q కలిసి తప్పినా, c, p కలిసి తప్పినా 111 వస్తుంది. ఆ సిండ్రోమ్ ఏ ఒక్క బిట్‌కూ చెందదు కాబట్టి, అది వచ్చినప్పుడు ఏదో ఒకటి ఊహించి తిప్పకుండా, సరిదిద్దలేకపోయామని చెప్పి ఆగడం సరైన ప్రవర్తన. ఖాళీగా ఉన్న ఆ 111ను నాలుగో సమాచార బిట్‌కు కేటాయిస్తే, నాలుగు సమాచార బిట్లు, మూడు పారిటీ బిట్లు గల హామింగ్ కోడ్ వస్తుంది. అదే మూడు పారిటీ బిట్లతో ఒక సమాచార బిట్ ఎక్కువ మోయవచ్చు, d మాత్రం 3గానే ఉంటుంది. కాకపోతే అక్కడ ఖాళీ సిండ్రోమ్ మిగలదు, రెండు తప్పులు వచ్చిన ప్రతిసారీ తప్పుడు సవరణే జరుగుతుంది.

ఏడో మెట్టు: d ని దేనికి వాడాలో నిర్ణయించడం

మూడో మెట్టులో d = 3 ఉంటే రెండు తప్పులను గుర్తించవచ్చన్నాం, ఒకదాన్ని సరిదిద్దవచ్చనీ అన్నాం. ఆరో మెట్టు చూశాక ఈ రెండు మాటలూ ఒకేసారి చెల్లవని అర్థమవుతుంది. సిండ్రోమ్ సున్నా కాని ప్రతిసారీ వరుసను తిరస్కరించి మళ్లీ పంపమంటే, రెండు తప్పులు ఎప్పటికీ దాటిపోవు. మూడు తప్పులు వచ్చే 20 విధాల్లో కూడా నాలుగే దాటిపోతాయి, ఎందుకంటే మూడు 1లున్న కోడ్‌వర్డ్‌లు నాలుగే ఉన్నాయి. సవరణ మొదలుపెట్టిన మరుక్షణం రెండు తప్పుల గుర్తింపు హామీ పోతుంది. ఒకే డీకోడర్ t తప్పులను సరిదిద్దుతూ, అంతకు మించి s వరకు వచ్చిన తప్పులను కనీసం గుర్తించాలంటే d కనీసం t + s + 1 కావాలి. ఒకటి సరిదిద్ది రెండింటిని గుర్తించాలంటే 1 + 2 + 1, అంటే 4.

మన కోడ్‌ను d = 4కు తీసుకురావడానికి మరొక బిట్ చాలు. ఆరు బిట్లన్నిటి మొత్తాన్ని ఏడవ బిట్‌గా చేర్చండి. మూడు 1లున్న కోడ్‌వర్డ్‌లకు ఇంకో 1 చేరి నాలుగవుతాయి, నాలుగు ఉన్నవాటికి 0 చేరి నాలుగుగానే ఉంటాయి. ఇప్పుడు సున్నాల వరుస తప్ప ప్రతి కోడ్‌వర్డ్‌లోనూ సరిగ్గా నాలుగు 1లు ఉంటాయి. అందుకున్నవారు పాత సిండ్రోమ్‌తోపాటు ఏడు బిట్ల మొత్తాన్ని కూడా చూడాలి. మొత్తం బేసి అయి సిండ్రోమ్ ఒక బిట్‌ను చూపితే ఒక తప్పుగా భావించి సరిదిద్దాలి. మొత్తం బేసి అయి సిండ్రోమ్ 000 అయితే ఏడవ బిట్టే తప్పింది. మొత్తం సరి అయి సిండ్రోమ్ సున్నా కాకపోతే రెండు తప్పులు వచ్చాయి, ఏ బిట్‌నూ ముట్టుకోకూడదు. మొత్తం బేసి, సిండ్రోమ్ 111 అయితే కనీసం మూడు తప్పులు ఉన్నాయి, అప్పుడు కూడా తిరస్కరించాలి.

ఇందాక మోసపోయిన సందర్భాన్నే దీనితో పరీక్షిద్దాం. పంపింది 1011010, మొదటి రెండు బిట్లు తప్పి అందింది 0111010. సిండ్రోమ్ మళ్లీ 011 వస్తుంది, కానీ 1ల సంఖ్య నాలుగు, సరి సంఖ్య. డీకోడర్ ఈసారి c ని తిప్పదు, రెండు తప్పులున్నాయని చెప్పి ఆగుతుంది. సర్వర్ల మెమరీలో 64 సమాచార బిట్లకు 8 అదనపు బిట్లు చేర్చి 72 బిట్లుగా దాచే పద్ధతి కూడా ఇదే లక్ష్యంతో, d = 4తో పనిచేస్తుంది.

ఇక్కడ జారిపడే చోటు ఒకటుంది. p, q, r మూడింటిని కూడితే ఎప్పుడూ 0 వస్తుంది కనుక, పంపేవారు ఏడవ బిట్‌ను a + b + c గా కుదించి లెక్కగట్టవచ్చు, విలువ మారదు. అందుకునేవారు మాత్రం అలా కుదించకూడదు. పారిటీ బిట్లలో తప్పు వస్తే వాటి మొత్తం 0గా ఉండదు కనుక, ఏడు బిట్లనూ కూడితేనే పైన చెప్పిన నిర్ణయాలు సరిపోతాయి.

ఎనిమిదో మెట్టు: సరిచూడడం

ఆరు బిట్ల కోడ్‌కు డీకోడర్ రాసినవారు అందగల 64 వరుసలనూ దానికి ఇచ్చి ఫలితాలను లెక్కపెట్టాలి. సరిగ్గా 8 వరుసలు తప్పులేనివిగా, 48 వరుసలు ఒక బిట్ సవరణతో, 8 వరుసలు తిరస్కరణతో ముగియాలి. ఎనిమిది కోడ్‌వర్డ్‌లలో ఒక్కోదాని చుట్టూ ఒక తప్పు దూరంలో ఆరేసి వరుసలు ఉండడం వల్ల 48 వస్తుంది. తిరస్కరణలు సున్నా అయితే 111ను కూడా ఏదో బిట్‌కు కట్టబెట్టారన్నమాట. సవరణలు 48 కంటే తక్కువైతే సిండ్రోమ్ పట్టికలో ఒక స్థానం రాయడం మరిచారన్నమాట. అయితే రెండు సిండ్రోమ్‌లు తారుమారైనా ఈ లెక్కలు మారవు. అందుకని ఎనిమిది కోడ్‌వర్డ్‌లలో ప్రతి బిట్‌నూ ఒక్కొక్కటిగా తిప్పి, 48 సార్లూ అసలు కోడ్‌వర్డే తిరిగి వచ్చిందో లేదో కూడా చూడాలి.

ఈ పరీక్షలన్నీ నెగ్గిన డీకోడర్ కూడా పక్కపక్క బిట్లు గుంపుగా పాడయ్యే దారిలో విఫలమవుతుంది, ఎందుకంటే d ఇచ్చే హామీ ఒక్కో కోడ్‌వర్డ్‌లోని తప్పుల సంఖ్యకే గాని వాటి కారణానికి కాదు. అలాంటి దారిలో నాలుగు కోడ్‌వర్డ్‌లను నాలుగు అడ్డ వరుసలుగా రాసుకుని, నిలువు వరుసల క్రమంలో పంపాలి. అప్పుడు వరుసగా నాలుగు బిట్ల వరకు పాడైనా ఒక్కో కోడ్‌వర్డ్‌కు ఒక్క తప్పే చేరుతుంది, దాన్ని d = 3 కోడ్ సరిదిద్దుతుంది. నాలుగు కోడ్‌వర్డ్‌లూ దాదాపు పూర్తిగా అందేవరకు డీకోడింగ్ మొదలుపెట్టలేం కనుక, ఆ మేరకు ఆలస్యాన్ని భరించాల్సి ఉంటుంది.